ఏడో రోజు దాటిపోయింది, అతని దగ్గర్నుంచి ఏమీ రాలేదు

ప్రశ్న: "నాలుగేళ్ళు కలిసి ఉన్నాం, ఐదు నెలల క్రితం విడిపోయాం. నాతో ఒక్క మాట కూడా అనకుండా వేరే ఊళ్ళో ఉద్యోగం ఒప్పుకున్నాడు. నేను కోపంలో అనకూడనివన్నీ అనేశాను. 'ఇక చాలు, కొన్నాళ్ళు నన్ను వదిలెయ్' అని వెళ్ళిపోయాడు. ఈమధ్య మా ఇద్దరికీ తెలిసిన ఒక స్నేహితురాలిని నేనెలా ఉన్నానని అడిగాడట. ఆ రాత్రే మూడు నాణేలతో ఐ చింగ్ అనే పాత చైనా జోస్యం పుస్తకాన్ని అడిగి చూశాను. 'మేము మళ్ళీ కలుస్తామా' అని అడిగితే అందులోని ఆరు గీతల బొమ్మల్లో 24వ హెక్సాగ్రామ్ వచ్చింది, ఫు, అంటే తిరిగిరావడం. మారే గీత ఒక్కటి కూడా లేదు. ఆ బొమ్మ కింద తీర్పు అనే పేరాలో ఏడో రోజున తిరిగివస్తుందని, వెళ్తే మంచిదని ఉంది. దాని కిందున్న ప్రతీక అనే పేరాలో మాత్రం రాజులు ద్వారాలు మూయించారని, ఎవరూ ప్రయాణం చెయ్యలేదని ఉంది. ఏడు రోజులు లెక్కపెట్టుకున్నాను, ఏమీ రాలేదు. ఆరో గీత చదివితే 'దారి తప్పిన తిరుగు ప్రయాణం, కీడు' అని ఉంది, అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఇది నన్ను వెళ్ళమంటోందా, ఆగమంటోందా? మళ్ళీ ఒకసారి వేసి చూడమంటారా?"

జవాబు: ముందు ఆ ఆరో గీతని పక్కన పెట్టెయ్యండి. అది మీకు వచ్చిన జవాబులో లేదు. మూడు నాణేలు వేసినప్పుడు ఒక్కో గీతకి 6, 7, 8, 9లలో ఏదో ఒక మొత్తం వస్తుంది కదా, అందులో 6 గానీ 9 గానీ వస్తేనే ఆ గీత మారేది, ఆ గీత కింద రాసిన మాట మీతో మాట్లాడేది. మీకు అన్నిటికంటే కింద 7, అంటే నిండు గీత, దాని మీద వరసగా ఐదు 8లు, అంటే విరిగిన గీతలు వచ్చి ఉంటాయి. అలాంటప్పుడు ఆరు గీతల మాటలూ మౌనంగా ఉంటాయి. 12వ శతాబ్దంలో జూ షీ అనే చైనా పండితుడు దీనికి నియమం కూడా రాసిపెట్టాడు: ఒక్క గీతా మారకపోతే ఆ హెక్సాగ్రామ్ తీర్పునే జవాబుగా తీసుకోవాలి. తీర్పుతో పాటు ప్రతీకని కూడా చదవడం ఇప్పుడు అందరూ చేసే పని. కాబట్టి మీ చేతిలో ఉన్నవి రెండే రెండు చిన్న పేరాలు, భయపెట్టినవి మాత్రం మీకు సంబంధం లేనివి. ఒక్క గీతా మారకపోతే ఏ కదలికా ఉండదనీ, అంతా స్తంభించిపోయిందనీ కొందరు చెప్తుంటారు, అది కూడా నమ్మకండి. లెక్క ప్రకారం నూటికి దాదాపు 18 సార్లు ఇలాగే వస్తుంది. ఇదేమీ వింత కాదు. పరిస్థితిలో ఫలానా చోట మలుపు ఉందని వేలు పెట్టి చూపించకుండా, మొత్తం పరిస్థితి ఇలా ఉందని చెప్తోంది, అంతే.

ఇక అసలు సంగతికి వద్దాం. వెళ్ళు అని ఒకటి, తలుపులు మూసుకో అని ఇంకొకటి చెప్తున్నట్టు మీకు అనిపించింది. ఇది మీ ఒక్కరికే వచ్చిన అనుమానం కాదు, 24 వచ్చిన వాళ్ళలో చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. ఆ రెండు పేరాలూ ఒకే మనిషి ఒకే రోజు కూర్చుని రాసినవి కావు. తీర్పు ఈ పుస్తకంలో అతి పాత పొరకి చెందింది, చైనాని ఏలిన జౌ రాజుల కాలం నాటిది. ప్రతీక కొన్ని శతాబ్దాల తరవాత చేర్చిన వ్యాఖ్యల్లోది, వాటిని పది రెక్కలు అంటారు. రెండిటి పనీ వేరు. తీర్పు ఏం జరుగుతోందో చెప్తుంది. ప్రతీక ఎప్పుడూ ఒకే పద్ధతిలో ఉంటుంది: మొదటి సగంలో ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని, రెండో సగంలో అది చూసి తెలిసినవాళ్ళు ఎలా నడుచుకున్నారు అని. అంటే మొదటిది మీ సంబంధం ఎటు కదులుతోందో చెప్తుంటే, రెండోది అది అలా కదులుతున్నప్పుడు మీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చెప్తోంది. మీరు ఆ రెండిటినీ ఒకే ప్రశ్నకి వచ్చిన రెండు జవాబులుగా చదివారు కాబట్టి కొట్టుకుంటున్నట్టు కనిపించాయి.

తీర్పు చదివే ముందు ఒక్కసారి గీతలే చూడండి. అన్నిటికంటే కింద ఒక్క నిండు గీత, పైన ఐదు విరిగిన గీతలు. ఇప్పుడు దీని ముందున్న 23వ హెక్సాగ్రామ్, బో, తీసి పక్కన పెట్టండి. అది దీన్నే తలకిందులు చేసినట్టు ఉంటుంది: ఐదు విరిగిన గీతలు కింద, ఒకే ఒక్క నిండు గీత అన్నిటికంటే పైన, రేపోమాపో రాలిపోయేలా. బో అంటే ఊడిపోవడం, ఒలిచేసినట్టు ఒక్కొక్క పొరా పోవడం. మీ ఐదు నెలల క్రితం కథ అది. ఆ పై గీత కూడా పోయాక ఆరూ విరిగిన గీతలే మిగుల్తాయి, అది రెండో హెక్సాగ్రామ్, కున్. ఆ తరవాతే 24. అంటే పోయిన నిండు గీత తిరిగి వచ్చింది, నిజమే, కానీ పోయిన చోటికి రాలేదు. పైన పోయింది, కింద మొలిచింది.

మీ జవాబులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. మీ ఇద్దరి మధ్య ఏదో మళ్ళీ మొదలైందంటే ఆ మొదలవడం నాలుగేళ్ళ చివర, ఆ ఉద్యోగం గొడవ జరిగిన చోట కాదు. అక్కడ తెగింది, అక్కడే ముడి వేద్దాం అనుకుంటారు అందరూ, అందుకే విడిపోయాక మొదటిసారి మాట్లాడుకునేటప్పుడు నేరుగా ఆ గొడవ దగ్గరికే వెళ్ళిపోతారు. ఈ బొమ్మలో అది పై గీత పని, మీ పై గీత ఇప్పుడు విరిగి ఉంది. నిండుగా ఉన్నది అట్టడుగు గీత ఒక్కటే, ఒకరితో ఒకరికి కొత్తగా పరిచయమైనప్పుడు ఉండేంత చనువు.

ఇప్పుడు తీర్పు. "సాగుతుంది. వెళ్ళిరావడంలో హాని లేదు. స్నేహితులు వస్తారు, తప్పు లేదు. దారి వెంట అటూ ఇటూ తిరుగుతుంది. ఏడో రోజున తిరిగివస్తుంది. వెళ్ళడానికి ఒక చోటు ఉండడం మంచిది." ఇంచుమించు ఇదే మీరూ చదివి ఉంటారు. మీరు ఏడో రోజునీ, వెళ్ళడాన్నీ పట్టుకున్నారు, మధ్యలో ఉన్నవి వదిలేశారు. స్నేహితులు వస్తారన్న మాట చూడండి. చాలామంది అందులో అతనే వస్తాడని చదువుకుంటారు. పాత వ్యాఖ్యానాల్లో ఆ స్నేహితులంటే ఈ నిండు గీత వెనకాల రాబోయే మరికొన్ని నిండు గీతలు: 19వ హెక్సాగ్రామ్‌లో రెండు అవుతాయి, 11వ దాంట్లో మూడు అవుతాయి. ఒక్కటి ఒంటరిగా నిలబడదు, తోడు కూడగట్టుకుంటూ పెరుగుతుంది. మీ విషయంలో అలాంటి కబురు ఇప్పటికే ఒకటి వచ్చింది, ఆ స్నేహితురాలి ద్వారా. తప్పు లేదు అన్నారు కాబట్టి దాన్ని అనుమానించక్కర్లేదు, కానీ వచ్చింది ఆ కబురే, అతను కాదు. ఎలా ఉన్నావని అడగడం మర్యాద కావచ్చు, బెంగ కావచ్చు, తను చేసింది తలుచుకుని బాధపడి అడిగి ఉండొచ్చు కూడా. అతను సరిగ్గా ఏమన్నాడో, తనంతట తనే అడిగాడా లేక మీ మాట వచ్చినప్పుడు అడిగాడా అన్నది ఆవిణ్ణి ఒక్కసారి, ఒక్కసారే, కనుక్కోండి. ఆవిడ చేత కబుర్లు మోయించడం మాత్రం మొదలుపెట్టకండి.

అటూ ఇటూ తిరుగుతుందన్న మాట గురించి కూడా చెప్పాలి. తిరిగిరావడం అనేది నేరుగా ఒకే గీతలా నడిచే వ్యవహారం కాదని తీర్పే ఒప్పుకుంటోంది. ఒక మెసేజ్ వస్తుంది, వారం రోజులు ఏమీ ఉండదు, మళ్ళీ ఇంకోటి వస్తుంది. అది కీడు కాదు. అయితే అది దారి వెంట తిరగడం, ఆ మాట ముఖ్యం. ప్రతిసారీ అదే గొడవ, అదే ఏడుపు, అదే రాజీ, మళ్ళీ అదే గొడవ అయితే అది వేరే సంగతి, అందులో దారి ఏమీ లేదు. తేడా ఎలా తెలుస్తుందంటే, ప్రతి తిరుగుడులోనూ ఇంతకుముందు చెప్పుకోని మాట ఒకటైనా బయటికి వస్తోందా అని చూసుకోండి.

ఇక మిమ్మల్ని ఇంత బాధపెట్టిన ఏడో రోజు. నాణేలు వేసిన రోజు నుంచి క్యాలెండర్‌లో ఏడు గడులు లెక్కపెట్టడం ఈ వాక్యాన్ని చదివే పద్ధతి కాదు. చైనా వాళ్ళు ఏడాదిలోని పన్నెండు నెలలకీ పన్నెండు హెక్సాగ్రామ్‌లు కేటాయించారు. అందులో ఎండ నడినెత్తికి వచ్చే నెలకి 44వది, గౌ, నిండు గీతల కింద మొట్టమొదటి విరిగిన గీత దూరేది అప్పుడే. అక్కణ్ణుంచి 33, 12, 20, 23, 2, ఏడోది 24. దక్షిణాయనం మొదలైన దగ్గర్నుంచి వెలుగు తరుగుతూ తరుగుతూ పోయి, అంతా చీకటై, మళ్ళీ మొదటి వెలుగు గీత పుట్టడానికి పట్టిన ఏడు మెట్లు అవి. ఏడు అంటే ఒక చుట్టు పూర్తయింది అని. మీ ప్రశ్నకి దాన్ని అన్వయిస్తే, తరగడం అనేది మీరు నాణేలు వేసిన రోజు మొదలవలేదు. అతను మీతో చెప్పకుండా ఆ ఉద్యోగానికి సరే అన్న రోజో, అంతకంటే ముందు ఎప్పుడో మొదలైంది. ఎప్పుడు మొదలైందో మీకే తెలుస్తుంది. కాబట్టి ఆ రోజు గడిచిపోయినంత మాత్రాన జవాబు అబద్ధం అయిపోలేదు, అతను పరీక్షలో ఫెయిల్ అవ్వలేదు. అతనికి ఆ పరీక్ష ఉందనే తెలియదు పాపం.

ప్రతీక దగ్గరికి వద్దాం. "భూమి లోపల ఉరుము: తిరిగిరావడం. పూర్వపు రాజులు ఉత్తరాయణం మొదలయ్యే రోజున సరిహద్దు ద్వారాలు మూయించారు. వర్తకులూ బాటసారులూ ప్రయాణం చెయ్యలేదు. రాజు తన ప్రాంతాలను చూడడానికి వెళ్ళలేదు." ఏడాదిలో అతి చిన్న పగలుండే డిసెంబరు రోజు అది. ఆ రోజు దాటాక పగలు పెరగడం మొదలవుతుంది, కానీ చలి తగ్గదు. చైనా పంచాంగంలో చిన్న చలి, పెద్ద చలి అని పేర్లున్న రెండు పక్షాలూ ఆ రోజు తరవాతే వస్తాయి. మలుపు జరిగిపోయింది, వెచ్చదనం ఇంకా రాలేదు. ఐదు నెలల మౌనం తరవాత వచ్చిన ఒక్క పలకరింపు ఇలాగే ఉంటుంది, మీరు మాత్రం దాన్నుంచి వసంతకాలం అంత వేడి కోరుకున్నారు. జర్మన్ అనువాదకుడు రిచర్డ్ విల్హెల్మ్ 1924లో వచ్చిన తన పుస్తకంలో సరిగ్గా ఈ ప్రతీక దగ్గరే, జబ్బు తరవాత వచ్చే ఆరోగ్యాన్నీ, దూరమైన వాళ్ళ మధ్య తిరిగివచ్చే సఖ్యతనీ మొదట్లో ఎంతో సుకుమారంగా చూసుకోవాలని రాశాడు. మీ పరిస్థితి ఆయన రాసిన ఉదాహరణల్లోనే ఉందన్నమాట.

ద్వారాలు మూయడం అనగానే మీరు సంబంధం మూసుకుపోయిందని చదువుకున్నారు. రాజులు మూసింది రాకపోకల్ని, అదీ ఆ మలుపు రోజు కోసం. వర్తకులు ఆగారు, అంటే బేరాలు ఆగాయి. నేను సారీ చెప్తే నువ్వు తిరిగొస్తావా, నువ్వు ఆ ఉద్యోగం వదిలేస్తే నేను అన్నవి వెనక్కి తీసుకుంటాను, ఇలాంటివన్నీ బేరాలే. రాజు తన ప్రాంతాల్ని చూడడానికి వెళ్ళలేదు, అంటే తనిఖీలు ఆగాయి. అతను ఆన్‌లైన్‌లో ఎప్పుడున్నాడు, ఎవరి ఫోటోకి లైక్ కొట్టాడు, నా స్టేటస్ చూశాడా, ఇవన్నీ తనిఖీలు. మీరు ఉత్తరంలో రాయలేదు, కానీ ఏడు రోజులు లెక్కపెట్టిన మనిషి ఫోన్ చూడకుండా ఉంటుందని నేననుకోను. ప్రతీక మిమ్మల్ని మానమంటున్నది ఈ రెండిటినీ.

ఇంకొక్కటి చూసి దారుల సంగతికి వెళ్దాం. కింది మూడు గీతలు ఉరుము, కదలిక. పై మూడూ భూమి, మెత్తదనం, చోటివ్వడం. కింది భాగాన్ని అడిగిన మనిషిగా, పై భాగాన్ని అవతలి పక్షంగా చదవడం పాత అలవాటు. అలా చదివితే కదలిక మీలో ఉంది, అతను అడ్డుపడడం లేదు, అలాగని తనంతట తను కదలడమూ లేదు. ఈ హెక్సాగ్రామ్ అతను వస్తాడని చెప్తోందని మీరు అనుకున్నారు, నేను అలా చదవలేను.

ఇలా చదివాక మీ ముందున్న దారులు నాకు ఇలా కనిపిస్తున్నాయి. ఒకటి, ఇంకొన్నాళ్ళు మౌనంగా ఉండడం. కొన్నాళ్ళు వదిలెయ్ అని అతను అడిగిన మాటని అది నిలబెడుతుంది, ప్రతీకకీ సరిపోతుంది. కానీ ద్వారాలు మూసింది మలుపు రోజుకే అని మర్చిపోవద్దు. గడువు లేని మౌనం అయితే, పలకరించినా పట్టించుకోలేదని అతను అనుకునే ప్రమాదం ఉంది, తీర్పులోని చివరి వాక్యం కూడా మీరు పాటించనట్టే. కాబట్టి ఈ దారి ఎంచుకుంటే ఫలానా తేదీ వరకు అని మీకు మీరే పెట్టుకోండి.

రెండోది, అట్టడుగు గీత అంత చిన్న కదలిక. నేరుగా, మీ ఫోన్ నుంచి, ఒక్క మెసేజ్. "నా గురించి అడిగావని తెలిసింది. బాగున్నాను. కొత్త ఊళ్ళో నీకు అలవాటైందా?" ఇంతే. ఇందులో సారీ లేదు, మనం మాట్లాడుకోవాలి అన్నది లేదు, పాత గొడవ లేదు, అతను ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకునే వీలుంది. ఈ ఉద్యోగం వల్లే కదా గొడవ జరిగింది, ఆ ఊరి మాట ఎందుకు ఎత్తడం అంటారేమో. ఎత్తడానికి మీకు ఇంకా కష్టంగా ఉంటే ఆ వాక్యం తీసేసి పంపండి, దెప్పినట్టు వినిపిస్తుందేమోనన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా తీసెయ్యండి. జవాబు వచ్చి, అందులో అతను కూడా తిరిగి ఏదైనా అడిగితే ఆ గీత పెరుగుతోంది. మర్యాదగా ఒక్క మాట అని ఆగిపోతే అక్కడే ఉండనివ్వండి, వెంటనే రెండోది పంపకండి. అసలు జవాబే రాకపోతే మీకు బాధ కలుగుతుంది, నిజమే, కానీ మీరు పోగొట్టుకునేది ఒక చిన్న పలకరింపు, అంతకంటే ఏమీ కాదు. తీర్పునీ ప్రతీకనీ రెండిటినీ పాటించే దారి నాకు ఇదొక్కటే కనిపిస్తోంది, నా మొగ్గు దీనివైపే.

మూడోది, నేరుగా వెళ్ళి కూర్చుని అన్నీ మాట్లాడేసుకోవడం. వెళ్తే మంచిదన్న వాక్యం దీన్ని సమర్థిస్తున్నట్టే ఉంటుంది. అయితే పది రెక్కల్లోనే ఉన్న మరో వ్యాఖ్య, ట్వాన్, ఆ వాక్యానికి కారణం కూడా చెప్తుంది: నిండు గీత పెరుగుతోంది కాబట్టి వెళ్ళడం మంచిది అని. అది పెరిగినంత మేరకే వెళ్ళడం. ఇవాళ ఒక్క గీత బలంతో ఆరు గీతల బరువున్న మాటలు మాట్లాడబోతే, మీరు మళ్ళీ ఆ రోజు గొడవ దగ్గరే తేలుతారు. ఆ మాటలు ఎప్పటికీ వద్దని కాదు, అతను చెప్పకుండా నిర్ణయం తీసుకున్న సంగతీ, మీరు అన్న మాటల సంగతీ తేలకుండా మీరిద్దరూ కలిసి ఉండలేరు. కాకపోతే మొదటి సంభాషణలో కాదు.

నాలుగోది, ఇక్కడితో వదిలెయ్యడం. తిరిగిరావడం అన్న జవాబు వచ్చింది కాబట్టి తిరిగి కలవాల్సిందే అన్న ఒత్తిడి పెట్టుకోకండి. ఆ నిండు గీత కింది భాగంలో, మీ వైపు ఉంది. ఐదు నెలల తరవాత మీరు మీ దారికి, మీ పనులకి, మీ నిద్రకి తిరిగి రావడం కూడా ఈ హెక్సాగ్రామ్‌లో పూర్తిగా ఇముడుతుంది, ఆ మాట చాలామంది వ్యాఖ్యాతలు చెప్పినదే. అతనితో ఉన్న రోజుల్లో మీకు భయం ఉండేదంటే, అంటే కొట్టడం, బెదిరించడం, డబ్బు గుప్పిట్లో పెట్టుకోవడం లాంటివి, నేను ఈ నాలుగో దారి తప్ప ఇంకేదీ చెప్పను. అప్పుడు హెక్సాగ్రామ్ మాటని కూడా పక్కన పెట్టెయ్యమంటాను.

మళ్ళీ వెయ్యాలా అని అడిగారు. ఇప్పుడు వద్దు. దీనికి ఈ పుస్తకమే నాలుగో హెక్సాగ్రామ్, మెంగ్, తీర్పులో సూటిగా జవాబిచ్చింది: మొదటిసారి అడిగితే చెప్తాను, రెండోసారీ మూడోసారీ అడిగితే గజిబిజి చేస్తున్నట్టు, గజిబిజి చేస్తే చెప్పను అని. ఇవాళ మళ్ళీ వేస్తే వేరే హెక్సాగ్రామ్ వస్తుంది, అప్పుడు రెండిట్లో నచ్చింది పట్టుకుంటారు, మీకు మిగిలేది మీ కోరికే. పరిస్థితి నిజంగా మారాక, అంటే మెసేజ్ పంపి ఒక జవాబంటూ వచ్చాకో, మీరు పెట్టుకున్న తేదీ దాటాకో, అప్పుడు వెయ్యండి. ఈసారి ప్రశ్న కూడా మార్చండి. 'మేము మళ్ళీ కలుస్తామా' అంటే అందులో సగం అతని చేతిలో ఉంది, వచ్చిన జవాబులో ప్రతి ముక్కనీ అతని రాక కోసం వెతుకుతారు, ఇప్పుడు జరిగింది అదే. 'ఈ మాటలు మొదలయ్యాక నేను ఉద్యోగం సంగతి ఎత్తితే ఎలా ఉంటుంది' అని అడగండి. ప్రశ్నని తేదీతో సహా ఒక కాగితం మీద రాసుకుని, ఆ తరవాతే నాణేలు తియ్యండి.